నిశ్చితార్థం ఫొటోలో గడ్డం మీది గాటు: మేకప్పా, స్టూడియో టచప్పా?

ముందురోజు షేవింగ్‌లో గడ్డం తెగి, పొద్దునకు పక్కు కట్టిందనుకోండి.

మేకప్: వీడియోలోనూ గాటును కప్పుతుంది. తడి ఆరని గాటు మీద మాత్రం రాయొద్దు, చీము పట్టొచ్చు. ఎండిన పక్కు రంగు దాగినా ఉబ్బు దాగదు. పక్కనుంచి లైటు పడితే నీడ తేలుతుంది, లైటు ఎదురుగా పెట్టించండి. పౌడరు ఎక్కువైతే అంచులు పొరలుగా లేస్తాయి. కడప ఎండలో చెమటకు కరుగుతుంది కూడా.

టచప్: ఫొటో తీశాక స్టూడియోవాళ్లు కంప్యూటర్‌లో దిద్దడం. గాటును ముట్టుకోనక్కర్లేదు. ఫొటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని హీలింగ్ బ్రష్ అనే టూల్, ఫొటోలో గాటు పక్కనున్న చర్మాన్ని తెచ్చి అతుకుతుంది. రక్తం ఆగి ఉంటే ప్లాస్టర్ తీసేసే దిగండి. అది కప్పినచోట అసలు చర్మం ఫొటోలోకి రాదు, చెరిపితే గడ్డం వంపు పోతుంది. ప్రతి ఫొటోకూ విడిగా చేయాలి.

ఆల్బమ్‌కు నాలుగైదు ఫొటోలే అయితే టచప్ మేలు. వీడియో ఉండి, పక్కు ఎండితే మేకప్. పాస్‌పోర్ట్‌కైతే సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫొటో పనికిరాదు, పక్కు రాలేదాకా ఆగండి.