పవర్‌ప్లేలో సర్కిల్ బయటి ఇద్దరు: వికెట్ల వెనుక నిలపాలా, పక్కలకు నిలపాలా?

ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో తొలి 6 ఓవర్లు, యాభై ఓవర్ల మ్యాచ్‌లో తొలి 10 ఓవర్లు ఇన్నర్ సర్కిల్ బయట ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉండకూడదు. బౌలర్‌ను, కీపర్‌ను పక్కన పెడితే మిగిలే తొమ్మిది మందిలో కనీసం ఏడుగురు సర్కిల్ లోపలే ఉండాలి. ఒక్కో వైపు మధ్య స్టంప్ నుంచి 30 గజాల తాడు పట్టి అర్ధవృత్తం గీసి, ఆ రెంటినీ పిచ్‌కు సమాంతరంగా నిలువు గీతలతో కలిపితే ఈ సర్కిల్ వస్తుంది. పొడవున అది 82 గజాలు, అడ్డంగా 60 గజాలు. సంక్రాంతి టోర్నమెంట్లకు మన జిల్లాల్లో సున్నం చల్లి గీసే సర్కిల్ కూడా ఈ కొలతతోనే గీయాలి. కొలవకుండా కంటి అంచనాతో గీసిన చోట లోపలి ఫీల్డర్లు బ్యాట్స్‌మన్‌కు మరీ దగ్గరగానో, మరీ దూరంగానో పడి ఆట లెక్కే మారిపోతుంది.

ఆ ఇద్దరిని ఎక్కడ నిలపాలన్నదే పవర్‌ప్లేలో కెప్టెన్ తీసుకోవలసిన అసలు నిర్ణయం. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు కుడిచేతి మీడియం పేసర్ కొత్త బంతి వేస్తున్నాడనుకుని, రెండు అమరికలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి అమరికలో బయటి ఇద్దరూ వికెట్ల వెనుక, అంటే థర్డ్ మ్యాన్‌లో ఒకరు, ఫైన్ లెగ్‌లో ఒకరు ఉంటారు. లోపల స్లిప్, పాయింట్, కవర్, మిడాఫ్, మిడాన్, మిడ్ వికెట్, స్క్వేర్ లెగ్ ఉంటాయి. రెండో అమరికలో బయటి ఇద్దరూ పక్కలకు, డీప్ పాయింట్, డీప్ స్క్వేర్ లెగ్ స్థానాలకు వెళ్తారు. అప్పుడు వికెట్ల వెనుక ఖాళీ అయిన చోట్లను షార్ట్ థర్డ్, షార్ట్ ఫైన్ లెగ్ లోపలి నుంచే కాయాలి. వారితో పాటు బ్యాక్‌వర్డ్ పాయింట్, కవర్, మిడాఫ్, మిడాన్, మిడ్ వికెట్ కలిసి ఏడుగురూ అయిపోతారు, స్లిప్‌కు మనిషి మిగలడు. రెండు అమరికల మధ్య తేడా బౌండరీ దగ్గర కనిపించినా, దాని ధర చెల్లించేది మాత్రం స్లిప్పే.

ఇక ఒక్కో బంతికి ఏ అమరికలో ఏం జరుగుతుందో చూద్దాం. బౌలర్ ఆఫ్ స్టంప్ బయట ఫుల్ లెంగ్త్‌లో వేసిన బంతి బయటికి స్వింగై అంచు తగిలిందనుకోండి. మొదటి అమరికలో అది స్లిప్ చేతిలో క్యాచ్ కావచ్చు, తప్పినా థర్డ్ మ్యాన్ ఆపి ఒక్క పరుగుతో సరిపెడతాడు. రెండో అమరికలో అదే అంచు కీపర్‌కూ షార్ట్ థర్డ్‌కూ మధ్య నుంచి నాలుగు పరుగులకు పోతుంది. అదే బౌలర్ బంతిని పొట్టిగా వేస్తే లెక్క తిరగబడుతుంది: కట్ చేసిన బంతి మొదటి అమరికలో పాయింట్‌ను దాటితే ఇక ఆపేవారుండరు, రెండో అమరికలో డీప్ పాయింట్ దగ్గర ఒక్క పరుగుతో ఆగుతుంది. పుల్ షాట్‌కూ ఇదే వర్తిస్తుంది. పరుగుల్లో మాత్రమే చూస్తే ఒక అంచు, ఒక కట్ కలిపి రెండు అమరికల్లోనూ ఐదే. అయితే మొదటి దానిలో వికెట్ అవకాశం మిగిలి ఉంటుంది, రెండో దానిలో అది దాదాపు ఉండదు.

అందుకే బ్యాట్స్‌మన్ పేరు చూసి ఫీల్డ్ పెట్టే కెప్టెన్ల కంటే బౌలర్ లెంగ్త్ చూసి పెట్టేవారే సరైన దారిలో ఉన్నారని నా అభిప్రాయం. సర్కిల్ నిబంధన కెప్టెన్‌ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ బౌలర్ చేసే ఏ తప్పును నువ్వు క్షమించగలవు? ఫుల్‌గా వేసి అప్పుడప్పుడు పొట్టిగా పడేసే వాడికి మొదటి అమరిక సరిపోతుంది. సహజంగానే పొట్టి లెంగ్త్‌లో బలంగా పిచ్‌ను తాకించేవాడికి రెండోదే మేలు. మిడాఫ్, మిడాన్ రెండింటిలోనూ లోపలే ఉంటారు కాబట్టి ఫుల్ బంతిని వారి తల మీదుగా ఎత్తి కొట్టే ప్రమాదం ఎలాగూ తప్పదు, కానీ స్వింగ్ అవుతున్న బంతిని అలా కొట్టడం బ్యాట్స్‌మన్‌కూ కష్టమే.

ఫీల్డ్‌కూ లెంగ్త్‌కూ పొంతన కుదరలేదని గుర్తించడం కష్టమేమీ కాదు. బయటి ఇద్దరూ పక్కలకు నిలబడి ఉండగా ఫోర్లు వరుసగా నేరుగా, మిడాఫ్ దగ్గర నుంచి పోతుంటే, బౌలర్ ఫుల్‌గా వేస్తున్నాడని, వాళ్లిద్దరి కాపలా వృథా అవుతోందని అర్థం. అప్పుడు ఫీల్డ్ అయినా మార్చాలి, లెంగ్త్ అయినా మార్చాలి. ఒక్కటి మార్చకుండా ఫీల్డర్లను కేకలేస్తే ప్రయోజనం లేదు.

నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో ఆడే కెప్టెన్ మరో విషయం గమనించాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది, పిచ్‌లు సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. దక్షిణపు చివర నుంచి బౌల్ చేసే వాడికి తూర్పు కుడిచేతి వైపు వస్తుంది. గాలి బంతిని అతని ఎడమకు, అంటే కుడిచేతి బ్యాట్స్‌మన్ ఆఫ్ సైడ్‌కు నెడుతుంది, అవుట్‌స్వింగ్‌కు అది తోడు. ఈ చివర మొదటి అమరికనే పెట్టి స్లిప్‌ను అట్టే ఉంచాలి. ఉత్తరపు చివర నుంచి వేసేటప్పుడు అదే గాలి బంతిని లోపలికి తెస్తుంది, అంచు స్లిప్‌కు వెళ్లే అవకాశం తగ్గుతుంది, పైగా లెగ్ సైడ్ పడమరకు వస్తుంది కనుక ఎత్తి కొట్టిన పుల్ గాలికి తోడై మరింత దూరం పోతుంది. అక్కడ స్లిప్‌ను వదులుకుని డీప్ స్క్వేర్ లెగ్‌ను పెట్టడంలో నష్టం తక్కువ. ఓవర్ ముగియగానే అందరూ ఎటూ స్థానాలు మారాలి కాబట్టి, చివరను బట్టి రెండు వేరువేరు ఫీల్డ్‌లు నడపడానికి అదనపు సమయం కూడా పట్టదు. గాలి దిక్కును మాత్రం టాస్‌కు ముందే చిటికెడు దుమ్ము ఎగరేసి చూసుకోవాలి, ఎందుకంటే పొద్దున వీచే పడమటి గాలితో ఈ లెక్కంతా తారుమారవుతుంది.

చిక్కంతా ఎడమచేతి, కుడిచేతి బ్యాట్స్‌మెన్ జంట క్రీజులో ఉన్నప్పుడు వస్తుంది. ప్రతి సింగిల్‌కూ ఫీల్డర్లు స్థానాలు సరిచేసుకోవాలి. బంతి చేతి నుంచి వదిలే క్షణంలో మూడో ఫీల్డర్ ఇంకా సర్కిల్ బయటే ఉంటే అంపైర్ నోబాల్ ఇస్తాడు, తరువాతి బంతి ఫ్రీ హిట్. రెండో అమరికలో ఇంకో ప్రమాదముంది: కీపర్ కాకుండా లెగ్ సైడ్‌లో స్క్వేర్ వెనుక ఇద్దరికి మించి ఉండకూడదు, షార్ట్ ఫైన్ లెగ్‌తో పాటు డీప్ స్క్వేర్ లెగ్ వెనక్కి జరిగితే ఆ లెక్క అప్పటికే నిండిపోతుంది, మిడ్ వికెట్‌ను కూడా స్క్వేర్ వెనక్కి పంపితే అదీ నోబాలే. అందుకే అటువంటి జంటకు నేనైతే థర్డ్ మ్యాన్, ఫైన్ లెగ్‌నే ఎంచుకుంటాను: బ్యాట్స్‌మన్ చేయి మారినప్పుడు థర్డ్ మ్యాన్ ఫైన్ లెగ్ అవుతాడు, ఫైన్ లెగ్ థర్డ్ మ్యాన్ అవుతాడు, ఇద్దరూ నిలబడిన చోటి నుంచి పెద్దగా కదలనక్కరలేదు.