వాక్యాలా, నంబర్లా? మధ్యలో మారిస్తే ఏమవుతుంది

పెదనాన్నకు వైఫై పాస్‌వర్డ్ మార్చడం వాట్సాప్‌లో చెబుతున్నామనుకోండి.

మొదటి పద్ధతిలో ఒక్కో మెసేజ్‌కి ఒక్కో పని, మామూలు వాక్యంలో రాస్తాం. నొక్కాల్సిన బటన్ పేరు మాత్రం `*Save*` అని స్టార్ గుర్తుల మధ్య టైప్ చేస్తే బోల్డ్‌లో వెళ్తుంది. లావు అక్షరాలు కనిపిస్తే నొక్కాలని ఆయనకు రెండో మెసేజ్‌కే తెలిసిపోతుంది.

రెండో పద్ధతిలో మూడు మెసేజ్‌లు అలాగే పంపి, నాలుగోది హఠాత్తుగా బోల్డ్ హెడ్డింగ్‌తో, 1, 2 నంబర్లతో పంపుతాం. "మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలా?" అంటారాయన. పైగా ఆ హెడ్డింగ్‌ను బటన్ అనుకుని స్క్రీన్ మీద వెతుకుతారు, పాపం.

నా ఓటు మొదటిదానికే. వరసగా ఆరేడు పనులు మిగిలితే మాత్రం నంబర్లే నయం. అప్పుడు "ఇక నంబర్లు వేస్తాను పెదనాన్నా" అని ముందే చెప్పి, 4 నుంచి మొదలుపెట్టాలి.