వార్నింగ్ మెయిల్ వచ్చిందా, ఏజ్ రిస్ట్రిక్షన్ వచ్చిందా: రెంటిలో ఏది నయం?

సంక్రాంతి అయిన నాలుగో రోజు, అంటే 2025 జనవరి 18న, మా బావమరిది పొద్దున్నే ఫోన్ చేసి "బావా, ఛానెల్ పోయింది" అన్నాడు. వాడిది భీమవరం పక్క ఊరు. పల్లెటూరి వంటలు, జాతర్లు, చేపల చెరువుల మీద వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. నిజానికి ఛానెల్ ఎక్కడికీ పోలేదు. రెండు మెయిల్స్ వచ్చాయి, వాడు రెంటినీ ఒకే భయంతో, సగం సగం చదివాడు, అంతే.

ఒకటి భోగి రోజు కోడిపందెం బరి దగ్గర తీసిన వీడియో గురించి. కత్తి కట్టిన డేగ పుంజూ కాకి పుంజూ తలపడటం, చుట్టూ జనం కేకలు. రెండోది కనుమ రోజు కోడి పులుసు వీడియో గురించి, అందులో కోడిని కోసే ముక్కని బాగా దగ్గర నుంచి తీశాడు, చాలాసేపే ఉంది. మొదటి దానికి వార్నింగ్, వీడియో తీసేశారు. రెండోదానికి ఏజ్ రిస్ట్రిక్షన్, వీడియో ఉంది. వాడేమో మొదటి దాని గురించి ఏడుస్తూ, రెండోదాన్ని "అది పర్లేదులే" అని పక్కన పెట్టాడు. ఇవాళ్టి లెక్కలో చూస్తే అది తిరగబడ్డ టెన్షన్. రేపటి లెక్కలో మాత్రం వాడి భయమే కరెక్టు. ఎందుకో చెప్తాను.

ముందు మెయిల్ చదవడం. పెద్ద అక్షరాలు, క్షమాపణ మాటలు వదిలేసి మూడు విషయాలే వెతకాలి. వీడియో ఏమైంది, removed అన్నారా, age-restricted అన్నారా? స్ట్రైక్, అంటే ఛానెల్‌కి శిక్ష పడే తప్పు గుర్తు, వేశామన్నారా, వేయలేదన్నారా? ఏ పాలసీ పేరు రాశారు? వార్నింగ్ మెయిల్‌లో సాధారణంగా ఇది తప్పని మీకు తెలిసి ఉండకపోవచ్చు కాబట్టి స్ట్రైక్ వేయడం లేదు అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. మనవాళ్ళు ఆ వాక్యంలో strike అన్న మాట చూసి గుండె పట్టుకుంటారు, దాని ముందున్న not కనపడదు. మా వాడూ అంతే.

ఇంకొకటి, మెయిల్‌లో లింకు నొక్కి లోపలికి వెళ్ళకండి. ఛానెళ్ళు కొట్టేసేవాళ్ళు పంపే దొంగ మెయిల్స్ అచ్చం ఇలాగే ఉంటాయి. బ్రౌజర్‌లో మీరే యూట్యూబ్ స్టూడియో తెరవండి. డ్యాష్‌బోర్డ్‌లో Channel violations అనే కార్డు ఉంటే అది ఛానెల్ మీద పడ్డ మచ్చ, వార్నింగైనా స్ట్రైకైనా. Content పేజీలో వీడియోల వరసకి ఎదురుగా Restrictions అనే గడి ఉంటుంది, అక్కడ Age restriction అని మాత్రమే కనిపిస్తే అది ఆ ఒక్క వీడియోకి పరిమితమైన గొడవ. మా వాడి స్టూడియోలో రెండూ ఉన్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఆ రెండు చోట్ల తేడా అర్థమైతే సగం పని అయినట్టే. డబ్బు సంపాదించే ఛానెళ్ళకి కనపడే పసుపు రంగు డాలర్ గుర్తు మూడో సంగతి, అది ప్రకటనలకి సంబంధించింది, దానికీ ఛానెల్ మంచిచెడ్డలకీ ముడి పెట్టొద్దు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏజ్ రిస్ట్రిక్షన్ పడ్డ పులుసు వీడియో ఇంకా ఛానెల్‌లోనే ఉంది, లింకు పనిచేస్తుంది, కామెంట్లున్నాయి. కానీ లాగిన్ అవ్వని వాళ్ళకి తెరుచుకోదు, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి తెరుచుకోదు, వేరే వెబ్‌సైట్లలో పెట్టినా చాలా వాటిలో అక్కడే ఆడదు, చూడాలంటే యూట్యూబ్‌కే రావాలి. ప్రకటనలు కూడా తగ్గుతాయి, ఒక్కోసారి అసలు రావు. అంటే పండగ వారంలో పరుగెత్తాల్సిన వీడియో కాళ్ళకి తాడు కట్టినట్టు. ఛానెల్‌కి మాత్రం స్ట్రైక్ లేదు, వార్నింగ్ లేదు, రేపు వీడియో పెట్టడానికి అడ్డం లేదు.

వార్నింగ్ పడ్డ పందెం వీడియో సంగతి వేరు. వీడియో పోయింది, దాని వ్యూస్ పోయాయి. కానీ అదే సాయంత్రం మా వాడు ఇంకో వీడియో ఎక్కించాడు, ఎక్కింది. లైవ్ పెట్టాడు, నడిచింది. వార్నింగ్‌కి శిక్ష అంటూ ఏమీ లేదు. యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో చేరడానికి ఛానెల్ మీద నడుస్తున్న స్ట్రైకులు ఉండకూడదనే నియమం ఉంది, వార్నింగ్ స్ట్రైక్ కాదు.

మరి భయమెందుకు? వార్నింగ్ ఉచితంగా దొరికే మొదటి తప్పు, దాన్ని వాడేసుకున్నారన్నమాట. ఇక ముందు తప్పు జరిగితే సాధారణంగా స్ట్రైకే. మొదటి స్ట్రైక్‌కి వారం రోజులు వీడియోలు, లైవ్‌లు, పోస్టులు అన్నీ బంద్, ముందే షెడ్యూల్ చేసి పెట్టినవి కూడా ప్రైవేట్‌లోకి వెళ్ళిపోతాయి, వారం తర్వాత మనమే మళ్ళీ షెడ్యూల్ చేసుకోవాలి. తొంభై రోజుల్లోపు రెండోది పడితే రెండు వారాలు. మూడోది పడితే ఛానెల్ రద్దు. వారం అయిపోగానే స్ట్రైక్ పోయిందనుకుంటారు చాలామంది. పోయేది శిక్ష, స్ట్రైక్ మాత్రం తొంభై రోజులు ఉంటుంది. ఇంకా ఘోరమైన తప్పులుంటే ఈ మెట్లేవీ లేకుండా నేరుగా రద్దు చేసే హక్కు వాళ్ళకుంది, అది మన కథ కాదు.

ఇక అసలు ప్రశ్న, వార్నింగ్ వచ్చాక అప్పీలా, ట్రైనింగా, డిలీటా?

డిలీట్ ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మా వాడికి మొదట తట్టింది అదే. వీడియో తీసేస్తే వార్నింగ్ పోదు, స్ట్రైకూ పోదు.

అప్పీల్ విషయానికొస్తే, వాడు అప్పటికే ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాడు: "ఇది మా గోదావరి జిల్లాల సంప్రదాయం, తాతల నాటి నుంచి ఉంది, మా మనోభావాలు..." నేను ఆపాను. పాలసీలో హింసాత్మక దృశ్యాల కింద, మనుషులు జంతువులని పోట్లాటకి ఉసిగొల్పే వీడియోలు పెట్టకూడదని ఉంది. కోడికి కత్తి కట్టి బరిలో వదలడం అదే కదా. సంప్రదాయమన్న మాటకి అక్కడ మార్కులు పడవు, మన దేశంలోనే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద అది నేరం, ప్రతి సంక్రాంతికీ కోర్టుల దాకా వెళ్ళే గొడవే. అప్పీల్ ఒక్కసారే చేయగలం, దాన్ని కోపంలో ఖర్చు చేసుకోకూడదు. విద్య, డాక్యుమెంటరీ, సైన్స్, కళ కోసం తీసినవాటికి కొంత వెసులుబాటు ఉంది, అది నిజమే. కానీ ఆ ఉద్దేశం వీడియోలోనే కనపడాలి, అప్పీల్ ఉత్తరంలో కాదు. పందేల మీద పోలీసుల దాడుల గురించి వార్తలా చెప్తూ మధ్యలో రెండు క్షణాలు చూపించి ఉంటే వాదించడానికి ఏదో ఉండేది. మా వాడి వీడియోలో వ్యాఖ్యానం మొత్తం "చూడండి ఫ్రెండ్స్, డేగ ఎలా ఎగిరిందో". దాన్ని పట్టుకుని ఏం వాదిస్తాం?

ట్రైనింగ్ చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో మనకి లాభమున్న తలుపు అదొక్కటే. 2023 నుంచి ఉంది. ఆ పాలసీ గురించి చిన్న ప్రశ్నల కోర్సు, అది పూర్తి చేశాక తొంభై రోజులు అదే పాలసీ మళ్ళీ తప్పకపోతే వార్నింగ్ తీసేస్తారు. చేయకపోతే వార్నింగ్ అలాగే కూర్చుంటుంది, తొంభై రోజులకి దానంతట అది పోదు. స్ట్రైక్ తొంభై రోజులకి పోయి, దానికంటే చిన్నదైన వార్నింగ్ ఉండిపోవడం విచిత్రంగా ఉంటుంది, కానీ అది అంతే. మా వాడు జనవరి 20న కోర్సు చేశాడు, లెక్క ఏప్రిల్ 20కి తేలుతుంది. ఆ మధ్యలో వేరే పాలసీ తప్పితే మళ్ళీ వార్నింగే రావచ్చు, అదే పాలసీ తప్పితే స్ట్రైక్. ప్రతి ఏడాదీ తప్పు చేసి కోర్సు చేసుకుందాంలే అంటే కుదరదు, పదేపదే చేసేవాళ్ళకి ఆ కోర్సు ఇవ్వకపోవచ్చు కూడా.

ఇక్కడే వాడు మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఛానెల్‌లో అంతకు ముందు రెండు సంక్రాంతుల పందెం వీడియోలు ఇంకా ఉన్నాయి, షార్ట్స్‌తో కలిపి తొమ్మిది. ఈ తొంభై రోజుల్లో వాటిలో ఏది కంటపడినా అదే పాలసీ, అంటే స్ట్రైక్. వార్నింగ్ పడ్డ వీడియోని డిలీట్ చేయడం దండగ, ఇంకా పట్టుబడని వాటిని డిలీట్ చేయడం మాత్రం బంగారం. "ప్రైవేట్‌లో పెడతా బావా" అన్నాడు. ప్రైవేట్ వీడియోలకీ ఇవే రూల్స్. తొమ్మిదింటినీ హార్డ్ డిస్క్‌లోకి దించుకుని తీసేయించాను, మొహం మాడ్చుకున్నాడు గానీ తీశాడు. కొత్త ఛానెల్ పెట్టి అక్కడ ఎక్కిద్దామన్న ఐడియా కూడా వచ్చింది వాడికి. స్ట్రైక్ శిక్ష నడుస్తున్నప్పుడు అలా ఇంకో ఛానెల్‌తో తప్పించుకోబోతే ఛానెళ్ళే రద్దవుతాయి. ఇప్పుడు శిక్షేం లేకపోయినా, అదే వీడియో అక్కడ పెడితే అక్కడా అదే కథ.

పులుసు వీడియోకి మాత్రం దారి వేరు. ఏజ్ రిస్ట్రిక్షన్ మీద కూడా అప్పీల్ ఉంది, కానీ కోడి మెడ కోయడం అంత దగ్గరగా, అంతసేపు చూపించాక గెలుస్తామని నాకు నమ్మకం లేదు. కాబట్టి ఆ ముక్క తీసేసి, పసుపు ఉప్పు పట్టించిన ముక్కల దగ్గర నుంచి మొదలుపెట్టి కొత్త వీడియోగా ఎక్కించమన్నాను. పందెం వీడియోని మళ్ళీ ఎక్కిస్తే స్ట్రైక్ కొని తెచ్చుకోవడమే, పులుసు వీడియోని సరిచేసి ఎక్కిస్తే ఏ తప్పూ లేదు. రెండు మెయిల్స్‌కీ ఉన్న అసలు తేడా ఇక్కడుంది, ఒకదాంట్లో తప్పు చూపించిన తీరులో ఉంది, ఇంకోదాంట్లో చూపించిన విషయంలోనే ఉంది. ఎక్కించేటప్పుడు మనమే 18+ పెట్టేసుకుంటే సరిపోదా అని కూడా అడిగాడు. మనం పెట్టుకున్నది మనమే తీసుకోవచ్చు, వాళ్ళు పెట్టింది తీయలేం, అంతవరకు మేలే. కానీ పందెం వీడియోకి 18+ పెట్టినంత మాత్రాన అది పెద్దలకి సరే అయిపోదు, అది ఎవరికీ కుదరదు.

ఏప్రిల్ 21న వాడే ఫోన్ చేశాడు, స్టూడియోలో Channel violations కార్డు కనపడట్లేదని. పులుసు కొత్త వీడియోకి రిస్ట్రిక్షన్ రాలేదు. వ్యూస్ మాత్రం పాతదాంట్లో సగం కూడా లేవు, పండగ ఎప్పుడో అయిపోయింది కదా.