స్థిరమైన 65:35 వాటానా, ఒడిదుడుకులను బట్టి మారే వాటానా: ఏది మేలు?

నాన్న రిటైరయ్యాక ఆయన డబ్బు చూసుకునే పని నా మీద పడింది. కొంత నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో పెట్టాలనే దగ్గర మాకు పేచీ లేదు. ఆ వాటా ఎప్పుడూ ఒకేలా ఉండాలా, మార్కెట్ ఒడిదుడుకులను బట్టి మారుతూ ఉండాలా అన్న దగ్గరే చాలా రోజులు ఆగిపోయాను. చివరికి 10 లక్షల రూపాయలు ఊహించుకుని, నిజంగా జరిగిన రెండు సందర్భాల మీద రెండు పద్ధతులకూ చేత్తో లెక్క వేశాను. ఆ లెక్కే ఇది.

మొదటి పద్ధతి అందరికీ తెలిసిందే. 65 శాతం ఈక్విటీ, 35 శాతం లిక్విడ్. ఇందులో స్థిరంగా ఉండేది వాటా మాత్రమే, రిస్క్ కాదు. నిఫ్టీ వొలటాలిటీ, అంటే ధర ఎంతగా ఊగుతోందన్న కొలత, ఏడాదికి 12 శాతం ఉన్న ప్రశాంత కాలంలో ఈ పోర్ట్‌ఫోలియో వొలటాలిటీ 8 శాతం దగ్గర ఉంటుంది. నిఫ్టీ 55 శాతానికి చేరితే అదే పోర్ట్‌ఫోలియో 36 శాతంతో ఊగిపోతుంది. మనం ఏమీ మార్చకపోయినా రిస్క్ నాలుగు రెట్లు దాటింది.

రెండో పద్ధతిని వొలటాలిటీ టార్గెటింగ్ అంటారు. ఇందులో ముందుగా రిస్క్‌ను నిర్ణయిస్తాం, వాటా దాన్ని బట్టి వస్తుంది. నేను లక్ష్యం 10 శాతం పెట్టుకున్నాను. సూత్రం ఇంతే: ఈక్విటీ వాటా = 10 ÷ నిఫ్టీ ప్రస్తుత వొలటాలిటీ. వొలటాలిటీ 12 ఉంటే 83 శాతం ఈక్విటీ, 20 ఉంటే 50, 40 ఉంటే 25. జవాబు 100 దాటినా అప్పు చేసి కొనేది లేదు, అక్కడే ఆపాలి. ప్రొఫెషనల్ ఫండ్లు ఫ్యూచర్స్ వాడి 100 దాటిస్తాయి. పెన్షన్ డబ్బుకు నేను దానికి ఒప్పుకోను.

ప్రస్తుత వొలటాలిటీ అంటే ఎంత? నిన్నటి వరకూ ఉన్న రోజువారీ వొలటాలిటీ అంచనా వర్గానికి 94 శాతం బరువు, ఈ రోజు కదలిక వర్గానికి 6 శాతం బరువు ఇచ్చి కలపాలి. దాని వర్గమూలం రోజువారీ వొలటాలిటీ. దాన్ని 16తో (252 ట్రేడింగ్ రోజుల వర్గమూలం దాదాపు అంతే) గుణిస్తే ఏడాదిది వస్తుంది. ఈ 94 అనే అంకె 1990లలో జేపీ మోర్గాన్ రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిలో వాడి ప్రచారంలోకి తెచ్చింది. రేపు మార్కెట్ పెరుగుతుందో పడుతుందో ఇది చెప్పదు. పెద్ద కదలికల పక్కన పెద్ద కదలికలే వస్తాయన్న ఒక్క గమనిక మీద ఈ పద్ధతంతా నిలబడింది. ఈక్విటీలో పతనాలు ఎక్కువగా ఒడిదుడుకులతో కలిసే వస్తాయి కాబట్టి ఇక్కడ ఇది బాగా పనిచేస్తుంది. కరెన్సీలు, సరుకుల్లో అంత తేడా కనిపించదు.

ముందుగా 2020 మార్చి. ఫిబ్రవరి 27న నిఫ్టీ 11,633 దగ్గర ముగిసింది. అప్పటికి వొలటాలిటీ అంచనా 12 శాతం అనుకున్నాను, అంటే ఈక్విటీ 83 శాతం. మర్నాడు నిఫ్టీ 3.7 శాతం పడగానే అంచనా 18.5కి ఎగిరి, వాటా 54కి దిగాలని చెప్పింది. మార్చి 9న 4.9 శాతం పతనం తర్వాత 37. మార్చి 12న 8.3 శాతం పతనం తర్వాత 24. మార్చి 19 సాయంత్రానికి 19. ఆ తర్వాత వచ్చిన సోమవారం, మార్చి 23న, నిఫ్టీ ఒక్క రోజులో 12.98 శాతం కూలి 7,610 దగ్గర ఆగింది. ఆ రోజు స్థిరవాటా మనిషికి ఉన్న ఈక్విటీలో దాదాపు మూడో వంతు మాత్రమే టార్గెట్ పద్ధతి మనిషి చేతిలో ఉంది.

ఆ రాత్రికి స్థిరవాటా మనిషి 10 లక్షల్లో దాదాపు 2.25 లక్షలు పోయాయి. రెండో మనిషివి 1.35 లక్షల చుట్టూ పోయాయి. అతను 83 శాతం ఈక్విటీతో, అంటే ఎక్కువ రిస్క్‌తో మొదలుపెట్టి కూడా తక్కువ పోగొట్టుకున్నాడు. ఆర్డర్లు ఒక రోజు ఆలస్యంగా అమలవుతాయన్నది కూడా ఈ లెక్కలో కలిపాను.

ఇక్కడితో ఆపితే తీర్పు సులభం. కానీ ఏప్రిల్ 30కి నిఫ్టీ 9,860కి చేరింది. అడుగు నుంచి దాదాపు 30 శాతం పెరుగుదల. ఏప్రిల్ 7న ఒక్క రోజే 8.76 శాతం పెరిగింది. టార్గెట్ పద్ధతి ఆ రోజుల్లో 15 శాతం ఈక్విటీ దగ్గరే ఉండిపోయింది. కారణం ఆ 94 శాతం బరువే. మార్కెట్ పూర్తిగా కదలకుండా కూర్చున్నా అంచనా వేసిన వొలటాలిటీ సగానికి దిగడానికి 22 ట్రేడింగ్ రోజులు, అంటే ఒక నెల పడుతుంది. అసలు మార్కెట్ కదలకుండా కూర్చోలేదు కదా. ఏప్రిల్ చివరికి ఇద్దరి దగ్గరా దాదాపు ఒకే మొత్తం ఉంది, 9 లక్షల చుట్టూ. డబ్బు ఒక్కటే, దారి వేరు. ఒకరు 7.75 లక్షల లోతు చూసి వచ్చారు, ఇంకొకరు 8.65 లక్షల కంటే కిందికి దిగలేదు. ఆ మార్చిలో నాన్నలా నెలనెలా యూనిట్లు అమ్మి ఇంటి ఖర్చుకు తీసుకునేవాళ్లకు ఈ తేడా నిజమైన డబ్బు, ఎందుకంటే అడుగున అమ్మిన యూనిట్లు ఏప్రిల్‌లో తిరిగి రావు. ఏమీ తీయనివాళ్లకు తేడా టెన్షన్‌లోనే.

రెండో సందర్భం 2024 జూన్. ఇది నా ఉత్సాహాన్ని బాగా తగ్గించింది. జూన్ 4న లోక్‌సభ ఫలితాలు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలూ ఒకే రోజు వచ్చాయి కాబట్టి మనలో చాలామందికి ఆ వారం గుర్తుండే ఉంటుంది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న నిఫ్టీ 3.25 శాతం ఎగిరి 23,264కి చేరింది. మర్నాడు 5.93 శాతం పడి 21,884. జూన్ 5న 3.36 శాతం పైకి, తర్వాత రెండు రోజులు ఇంకా పైకి. జూన్ 7న 23,290. అంటే నాలుగు రోజుల్లో బయల్దేరిన చోటికే వచ్చింది.

స్థిరవాటా మనిషి ఆ వారం నిద్రపోయి లేచినా ఒక ఏడు వందల రూపాయలు లాభం. టార్గెట్ పద్ధతి మనిషికి ఏమైందో చూడండి. జూన్ 3 సాయంత్రం అంచనా 12 నుంచి 17కి పెరిగింది, వాటా 58కి తగ్గించమంది. మార్కెట్ పెరిగినందుకు అమ్మమనడం వింతగా అనిపిస్తుంది గానీ, వొలటాలిటీకి పైకీ కిందికీ తేడా లేదు, కదలిక ఎంతన్నదే లెక్క. జూన్ 4 మధ్యాహ్నం 3 గంటల లోపు ఇచ్చిన ఆర్డర్‌కు ఇండెక్స్ ఫండ్‌లో వచ్చేది ఆ రోజు ముగింపు యూనిట్ ధర, ఎన్ఏవీ. అంటే పతనమంతా 83 శాతం ఈక్విటీతో భరించి, అడుగు ధరకు అమ్మాడు. ఆ సాయంత్రానికి అంచనా 28 దాటింది, వాటా 35 అంది. జూన్ 5న మళ్లీ అమ్మాడు. మార్కెట్ పైకి లేచిన మిగతా రెండు రోజులూ మూడో వంతు ఈక్విటీతో గడిపాడు. వారం చివరికి 10 లక్షలకు దాదాపు 20,700 నష్టం. ఏడాది నిండని యూనిట్లు లాభంలో ఉండి అమ్మితే వాటి మీద పన్ను అదనం. 2024 జూలై 23 నుంచి ఆ రేటు 20 శాతం.

ఈ రెండు సందర్భాల తేడాలోనే అసలు విషయం ఉంది. 2020లో ప్రమాదం మెట్లు మెట్లుగా వచ్చింది. ఫిబ్రవరి 28 హెచ్చరిక, మార్చి 9 ఇంకో హెచ్చరిక, పెద్ద దెబ్బ మార్చి 23న. వెనక్కి చూసి లెక్కవేసే పద్ధతికి అంత సమయం దొరికింది. 2024లో దెబ్బ ఒక్క రోజులో పడి వెళ్లిపోయింది. అలాంటి దెబ్బకు ఈ పద్ధతి దగ్గర మందు లేదు. పైగా గాయం తగిలాక కట్టు కట్టి, మానే సమయానికి కదలనివ్వదు.

తేదీ ముందే తెలిసిన ప్రమాదానికి మాత్రం ఇండియా విక్స్ అనే వొలటాలిటీ సూచీ మేలు. ఆప్షన్ ధరల నుంచి వస్తుంది కాబట్టి అది రాబోయే నెలను చూస్తుంది. 2024 మే చివర్లో నిఫ్టీ రోజువారీ కదలికలు మామూలుగానే ఉన్నా విక్స్ 24 దాటింది. దాన్ని పట్టుకుని లెక్క వేసినవాళ్లు ఫలితాలకు ముందే 40 శాతం దగ్గరికి దిగి ఉండేవారు. కానీ విక్స్ సాధారణంగా అసలు వొలటాలిటీ కంటే ఎక్కువ చెబుతుంది, దాన్నే ఏడాదంతా వాడితే ఈక్విటీ అవసరానికి మించి తక్కువగా ఉంటుంది.

రోజూ చూడటం కష్టం, నెలాఖరుకు ఒకసారి చూస్తే చాలదా అని నాన్న అడిగారు. జూన్ 2024లో అది ఏ నష్టమూ లేకుండా కాపాడేదే, ఎందుకంటే ఆ వారం కదిలేదే కాదు. కానీ 2020లో ఫిబ్రవరి 28న ఒకసారి 54కి దిగి, మార్చి అంతా అక్కడే ఉండిపోయేది. ఆ లెక్కన మార్చి 23 నాటికి నష్టం 20 శాతం, స్థిరవాటా 22.5 శాతానికి పెద్ద దూరం లేదు. నెలకోసారి చూసేటట్టయితే ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మధ్యే మార్గం అంచనాను కాస్త నెమ్మది చేయడం. 94కి బదులు 97 బరువు ఇస్తే జూన్ 2024 నష్టం 20,700 నుంచి 14,300 దగ్గరికి తగ్గింది. 2020లో ఇది కొంచెం ఆలస్యంగా దిగుతుంది గానీ రోజూ చూస్తాం కాబట్టి మార్చి 23కి ముందే చాలా వరకూ దిగిపోతుంది. దీనికి తోడు, సూత్రం చెప్పిన వాటాకూ చేతిలో ఉన్న వాటాకూ 10 పాయింట్ల తేడా వస్తేనే ఆర్డర్ పెట్టాలి. లేకపోతే 61 నుంచి 58కి, మళ్లీ 60కి అంటూ పన్ను కట్టుకుంటూ కూర్చోవాలి.

పద్ధతి పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి లాభం చూడకూడదు. పోర్ట్‌ఫోలియో మొత్తం రోజువారీ కదలికలు తీసుకుని, గడచిన ఆరు నెలల వొలటాలిటీ లెక్కవేయాలి. అది 9 నుంచి 12 మధ్య ఉంటే అనుకున్న పని జరుగుతోంది. 14, 15 వస్తే అంచనా మార్కెట్ కంటే వెనకబడి ఉంది, లేదా ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి.

కాబట్టి పదిహేనేళ్ల దాకా డబ్బు తీయని, నెలనెలా సిప్ కడుతున్న నా ఖాతా 65:35లోనే ఉంది. పతనంలో తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు వచ్చే అవకాశాన్ని నేను వదులుకోదలచుకోలేదు. నాన్న డబ్బుకు మాత్రం రెండో పద్ధతి పెట్టాను: లక్ష్యం 10 శాతం, బరువు 97, తేడా 10 పాయింట్లు దాటితేనే ఆర్డర్, ఈక్విటీ ఎప్పుడూ 75 దాటకుండా. ఏడాది ఇంటి ఖర్చు ముందే పక్కకు తీసి బ్యాంకు డిపాజిట్‌లో వేశాం, ఆ డబ్బు ఈ సూత్రంలోకి రాదు. ప్రతి సాయంత్రం ఆ రోజు నిఫ్టీ శాతాన్ని నాన్నే నోట్‌బుక్‌లో రాసుకుంటారు, లెక్క నేను వేస్తాను.