క్లామ్‌ఏవీ దీర్ఘకాల వాడకంపై సమీక్ష: ఒకే వరుసలో రెండు సంఖ్యలు

విజయవాడలో మందుల పంపిణీ చేసే మా కార్యాలయంలో మెయిల్ సర్వర్ మీద కొన్నేళ్లుగా క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ నడుస్తోంది. అది ఉచితమనీ, ఓపెన్ సోర్స్ అనీ, వైరస్‌లను గుర్తుపట్టడానికి అది వాడే డెఫినిషన్లను సిస్కో సంస్థకు చెందిన టాలోస్ బృందం తయారుచేస్తుందనీ చాలామందికి తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఈ ప్రోగ్రామ్ మీద ఇష్టం తగ్గకపోవడానికి కారణం దాని వైరస్ పట్టివేత కాదు, ఒక చిన్న కమాండ్ ఇచ్చే సమాధానం.

```
$ clamscan --version
ClamAV 0.103.8/26850/Tue Mar 21 08:22:52 2023
```

మొదటి గీతకు ముందున్నది ప్రోగ్రామ్ వెర్షన్ సంఖ్య, దాని తర్వాతిది ఆ రోజు డెఫినిషన్ల వెర్షన్ సంఖ్య, చివరిది ఆ డెఫినిషన్లు తయారైన సమయం. అంతకు ముందు మేము డబ్బు కట్టి వాడిన ఒక యాంటీవైరస్‌లో ఈ రెండింటినీ కలిపేసి, ఒక పచ్చటి గుర్తు పక్కన ‘అప్‌డేట్ అయింది’ అని మాత్రమే చూపేవారు. అప్‌డేట్ అయింది డెఫినిషన్లా, ప్రోగ్రామా అన్నది తెలుసుకోవాలంటే మూడు నాలుగు తెరలు లోపలికి వెళ్లి వెతకవలసి వచ్చేది. క్లామ్‌ఏవీ ఆ రెండు సంఖ్యలనూ విడదీసి, పక్కపక్కన, దాపరికం లేకుండా చూపుతుంది. ఈ తేడా ఎంత ముఖ్యమో నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం 2023లోనే.

ఆ ఏడాది ఫిబ్రవరి 15న 0.103.8 విడుదలైంది. CVE-2023-20032 అనే లోపానికి మరమ్మతు అందులో వచ్చింది. మాక్ కంప్యూటర్ల డిస్క్ ఇమేజ్‌లలో ఉండే HFS+ అనే అమరికను విప్పి చదివే భాగంలో, మెమరీ హద్దు దాటి రాసేందుకు వీలిచ్చే తప్పు అది. మెయిల్ సర్వర్ విషయంలో దీని అర్థం చాలా తీవ్రమైనది. వచ్చిన ప్రతి జోడింపునూ యాంటీవైరస్ తనంతట తానే తెరిచి చూస్తుంది కాబట్టి, ఎవరూ ఏదీ నొక్కకపోయినా, కావాలని వంకరగా తయారుచేసిన ఒక ఫైలు పరీక్షకు వచ్చిన క్షణంలోనే ఆ స్కానర్‌కున్న అధికారాలతో బయటివారి కోడ్ నడిచే అవకాశం ఉంది. ఎన్ని డెఫినిషన్లు తెచ్చుకున్నా ఇది పూడే గండి కాదు. డెఫినిషన్ అంటే ఏది చెడ్డదో చెప్పే జాబితా. ఇక్కడ చెడిపోయింది ఆ జాబితాను పట్టుకుని ఫైలును తెరిచే చేయి. అందుకే కొత్త ప్యాకేజీ రాగానే వేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టాం. దానితో ప్రోగ్రామ్ వైపు పని పూర్తయిందన్న భావనతోనే ఉన్నాం.

అసలు సంగతి మార్చిలో జరిగింది. అకౌంట్స్ చూసే మేడమ్ ఒకరోజు ఫోన్ చేసి, “సార్, మనకు సరకు పంపేవాళ్ల దగ్గర నుంచి పాత మెయిల్‌కే జవాబుగా ఏదో వన్‌నోట్ ఫైలు వచ్చింది. వాళ్లు ఎప్పుడూ పీడీఎఫ్ తప్ప ఇంకోటి పంపరు, తెరవమంటారా?” అని అడిగారు. వద్దని చెప్పి, ఆ మెయిల్‌ను సర్వర్ మీద నుంచే తీసుకుని చూశాను. అంతకు ముందటి ఏడాది ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలోని మాక్రోలనే చిన్న ప్రోగ్రామ్‌లను మైక్రోసాఫ్ట్ అప్రమేయంగా ఆపేయడం మొదలుపెట్టడంతో, దాడులు చేసేవారు 2023 ఆరంభంలో వన్‌నోట్ అనే నోట్సు ప్రోగ్రామ్ వాడే .one ఫైళ్ల వైపు మళ్లారు. పేజీ మధ్యలో, పత్రం చూడాలంటే రెండుసార్లు నొక్కమని చెప్పే బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ బొమ్మ వెనక కనబడకుండా ఒక స్క్రిప్టు ఫైలు జోడించి ఉంటుంది. బొమ్మను నొక్కుతున్నామనుకుంటూ మనం నొక్కేది ఆ స్క్రిప్టునే. మాకు వచ్చినది సరిగ్గా అదే.

మెయిల్ సర్వర్ దాన్ని శుభ్రమైన ఫైలుగా లోపలికి పంపింది. డెఫినిషన్లు పాతబడ్డాయా అని చూస్తే, అవి ఆ ఉదయం వచ్చినవే. అప్పుడు ఆ .one ఫైలును కార్యాలయపు నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక లినక్స్ యంత్రానికి తీసుకెళ్లి, `onedump.py` అనే సాధనంతో లోపలి స్క్రిప్టును విడిగా బయటకు తీసి, రెండింటినీ ఒకే ప్రోగ్రామ్‌తో, ఒకే డెఫినిషన్లతో పరీక్షించాను. బయటి .one ఫైలుకు `OK` అని వచ్చింది. లోపలి స్క్రిప్టుకు `FOUND` అని వచ్చింది.

అంటే దొంగ పేరు జాబితాలో అప్పటికే ఉంది. స్కానర్‌కు ఆ పెట్టె తెరవడమే రాలేదు. ఇది ఎందుకు జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. క్లామ్‌ఏవీ డెఫినిషన్లలో పెద్ద భాగం ఒక ఫైలు మొత్తం పరిమాణాన్నీ, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ విలువనూ పోల్చేవి. మరికొన్ని ఫలానా రకం ఫైలు అయితేనే వర్తించేవి. స్క్రిప్టును విడిగా ఇచ్చినప్పుడు ఈ రెండు పోలికలూ కుదురుతాయి. అదే స్క్రిప్టు వన్‌నోట్ ఫైలు కడుపులో ఉన్నప్పుడు, స్కానర్ చూసేది మొత్తం .one ఫైలును కాబట్టి పరిమాణం వేరు, హ్యాష్ వేరు, ఫైలు రకం వేరు. లోపలి ముక్కను విడదీసి మళ్లీ పరీక్షకు పంపే పని ప్రోగ్రామ్‌ది, దాన్ని డెఫినిషన్ చేయలేదు. బైట్ల వరుసను నేరుగా వెతికే కొన్ని డెఫినిషన్లు ఇలాంటి ఫైళ్లను బయటి నుంచే పట్టగలవన్నది నిజమే గానీ, ఆ రోజు మాకు వచ్చిన ఫైలు విషయంలో అలాంటిదేదీ పనిచేయలేదు.

ఇక్కడ నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. లాగ్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేదు. ప్రోగ్రామ్ మరీ పాతదైతే, డెఫినిషన్లను తెచ్చే `freshclam` తన లాగ్‌లో ఇలా రాస్తుంది:

```
WARNING: Your ClamAV installation is OUTDATED!
```

ఈ సమీక్షకు ముందు స్నేహితులకు క్లామ్‌ఏవీ గురించి చెప్పినప్పుడల్లా, ఈ హెచ్చరిక ఉండగా ప్రోగ్రామ్ పాతబడిందన్న భయం అక్కర్లేదని అంటూ వచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించి చెప్పాలి. 0.103 అప్పట్లో దీర్ఘకాల మద్దతు ఉన్న శ్రేణి. అలాంటి శ్రేణికి లోపాల మరమ్మతులు వస్తాయి గానీ కొత్త రకం ఫైళ్లను విప్పే సామర్థ్యం సాధారణంగా రాదు. కాబట్టి మద్దతు ఉన్నంతకాలం అలాంటి శ్రేణిలో అన్నిటికన్నా కొత్త ప్రోగ్రామ్ వాడుతున్నా, తెలిసిన భద్రతా లోపాలను పూడ్చారన్న భరోసా ఉంటుందే తప్ప, నిన్న మొన్న పుట్టుకొచ్చిన ఫైలు రకాన్ని తెరవగలదన్న భరోసా ఉండదు. డెఫినిషన్ల సంఖ్య విషయంలోనూ ఇలాంటి మెలిక ఒకటి ఉంది. ప్రతి డెఫినిషన్‌కూ ఫైళ్లను పరీక్షించే ఇంజన్‌కు ఉండవలసిన కనీస స్థాయిని చెప్పుకునే వీలుంది. ఆ స్థాయికి చేరని పాత ఇంజన్ ఆ డెఫినిషన్‌ను చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. కనుక రెండు సర్వర్లలో డెఫినిషన్ సంఖ్య ఒకటే కనబడినా, రెండింటిలోనూ పనిచేస్తున్న డెఫినిషన్లు అవే అనుకోవడానికి లేదు.

అప్పటికి ఈ ప్రోగ్రామ్‌లో పరిష్కారం లేదు కాబట్టి, .one జోడింపు ఉన్న మెయిల్‌ను సర్వర్ గడప దగ్గరే తిరస్కరించే నియమం పెట్టాం. మా వ్యాపారంలో వన్‌నోట్ ఫైళ్లతో ఎవరికీ పని లేదు గనుక అది సులభంగా కుదిరింది. కళాశాలలోనో సాఫ్ట్‌వేర్ సంస్థలోనో అయితే ఇలా కుదరకపోవచ్చు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.3.0లో వన్‌నోట్ ఫైళ్లలోని జోడింపులను బయటకు తీసి పరీక్షించే సామర్థ్యాన్ని చేర్చారు. విడిగా దాచిపెట్టిన ఆ పాత .one ఫైలునే కొత్త ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే, ఈసారి ఎవరూ విప్పి ఇవ్వకుండానే `FOUND` అని వచ్చింది. ఏ యాంటీవైరస్ విషయంలోనూ ఒక అప్‌డేట్ ఏం చేసిందో ఇంత స్పష్టంగా నా కళ్లతో చూసిన సందర్భం మరొకటి లేదు. ఆ రోజు కలిగిన సంతోషమే నన్ను ఈ సమీక్ష రాయడానికి పురికొల్పింది.

కొత్త ప్రోగ్రామ్‌ను వేసేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీ డెఫినిషన్లను `/var/lib/clamav`లో ఉంచుతుంది. క్లామ్‌ఏవీ వారి సొంత ప్యాకేజీ వేస్తే అది అప్రమేయంగా `/usr/local/share/clamav`లో వెతుకుతుంది. పాత `freshclam` సర్వీసు తన చోటికే కొత్త డెఫినిషన్లను తెస్తూ ఉంటే, కొత్త స్కానర్ మాత్రం తన చోట మొదటిరోజు తెచ్చుకున్న వాటితోనే రోజులు గడిపే ప్రమాదం ఉంది. అంటే ప్రోగ్రామ్ కొత్తది, జాబితా పాతది. ఇందాకటి కథకు ఇది పూర్తిగా తలకిందులు, హాని మాత్రం అంతే. దీన్ని పట్టించేది కూడా ఆ ఒక్క వరుసే. పైగా `clamscan --version` డిస్క్ మీద ఉన్న ప్రోగ్రామ్ గురించి చెబుతుంది. నిజంగా మెయిళ్లను పరీక్షిస్తూ మెమరీలో నడుస్తున్న సర్వీసు ఏ ప్రోగ్రామ్‌తో, ఏ డెఫినిషన్లతో ఉందో తెలియాలంటే `clamdscan --version` అడగాలి. ఈ రెండు సమాధానాలూ ఒకటిగా లేకపోతే, ప్యాకేజీ మారినా సర్వీసు ఇంకా పాతదే నడుస్తోందనో, రెండూ వేర్వేరు చోట్ల నుంచి డెఫినిషన్లు చదువుతున్నాయనో అనుమానించాలి.

ఇతరులకు దీన్ని వాడమని చెబుతానా అంటే, నా సమాధానం పరిస్థితిని బట్టి ఉంటుంది. మాది చిన్న కార్యాలయం, సర్వర్ లినక్స్ మీద ఉంది, వారానికొకసారైనా కూర్చుని రెండు సంఖ్యలు చూసుకునే తీరిక నాకుంది. ఇలాంటి చోట క్లామ్‌ఏవీ మాకు సరిపోయింది. డెఫినిషన్లన్నీ మెమరీలోకి ఎక్కించుకుంటుంది కాబట్టి సర్వీసు ఒక్కటే ఒక జీబీకి పైగా ర్యామ్ తీసుకుంటుందని ముందే లెక్క వేసుకోవాలి. ఉద్యోగుల విండోస్ కంప్యూటర్ల మీద మాత్రం మేము దీన్ని వాడడం లేదు. అక్కడ వేరే యాంటీవైరస్ ఉంది, దాని ప్రోగ్రామ్ సంఖ్యనూ డెఫినిషన్ల తేదీనీ ఒక పట్టికలో పక్కపక్క గడుల్లో రాసుకుంటున్నాం. .one నియమాన్ని 1.3.0 వచ్చాక తీసేయవచ్చని అనుకున్నాం గానీ, ఇప్పటివరకు తీయలేదు.