వాడుక వాక్యాన్ని కావ్యభాషలో తిరగరాయడం: చాలాకాలం వాడిన తరువాత నా సమీక్ష

నృత్యరూపకాలకు వ్యాఖ్యానాలు, రాజుల కాలంనాటి కథలు రాసే పనిలో నేను ఏళ్ల తరబడి ఒకే పద్ధతి పాటిస్తున్నాను. ముందు కథంతా నేటి వాడుకభాషలో చిన్న చిన్న వాక్యాలుగా రాసుకుంటాను. ఆ తరువాత కొన్ని భాగాలను ఎంచుకుని పాత కావ్యాల భాషలోకి తిప్పుతాను. ఇంతకాలం వాడిన మీదట నా అభిప్రాయం ఇది: ఈ భాష ఇచ్చే గాంభీర్యం నిజమైనదే, కానీ అది క్రియల చివర్లలోనూ సంధుల్లోనూ ఉంటుంది. నామవాచకాలను సంస్కృతపదాలతో మార్చడం వల్ల అది రాదు. ఈ సంగతి గ్రహించకుండా చేసే మార్పు వాక్యాన్ని బరువెక్కిస్తుందే తప్ప దానికి ప్రాచీనతను ఇవ్వదు.

ఒక చిన్న భాగాన్ని తీసుకుని చూద్దాం. వాడుకభాషలో అది ఇలా ఉంది: “వాన తగ్గింది. చెల్లెలు తలుపు తీసి వీధి వైపు చూసింది. అన్న ఇంకా రాలేదు. దీపం వెలిగించి గడప దగ్గర కూర్చుంది. కొంతసేపటికి గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. లేచి ఎదురు వెళ్ళింది. ఇంత ఆలస్యమెందుకు అని అడిగింది. ఏరు పొంగింది అని చెప్పాడు.”

కావ్యభాష అనగానే చాలామంది చేతికి మొదట వచ్చేది పర్యాయపదాల పట్టిక. “వర్షము తగ్గింది. సోదరి కవాటమును తీసి వీథి వైపు వీక్షించింది. అగ్రజుడు ఇంకా రాలేదు.” ఇందులో ప్రతి నామవాచకమూ పాతదే, అయినా వాక్యం పాతది కాలేదు. తగ్గింది, వీక్షించింది, రాలేదు అనే క్రియలు ఈనాటివి కావడం వల్ల పైన తొడిగిన పదాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. పైగా కవాటం, అగ్రజుడు అన్న చోట్ల పాఠకుడు ఆగి అర్థం వెతుక్కోవాలి. క్రియాంతాల విషయంలో ఆ ఇబ్బంది ఉండదు. వాటికి ఒక క్రమం ఉన్నది కాబట్టి, చూచెను, పలికిరి, వచ్చుచుండె వంటివి పాఠశాలలో నాలుగు పద్యాలు చదువుకున్న వారికైనా వెంటనే తెలిసిపోతాయి. అందుకే నేను పాతదనమంతా క్రియమీద మోపి, నామవాచకాలను వీలైనంతవరకు వాన, తలుపు, అన్న, ఏరు అనే ఉంచుతాను.

అదే భాగంలో క్రియలను, విభక్తులను మాత్రమే మారిస్తే ఇలా వస్తుంది: “వాన వెలిసెను. చెల్లెలు తలుపు తెఱచి వీధివంకఁ జూచెను. అన్న యింకను రాఁడయ్యెను. దీపము వెలిగించి గడపకడఁ గూర్చుండెను.” ఒక్క కొత్త పదానికీ నిఘంటువు తెరవనక్కరలేదు, అయినా కాలం మారిపోయింది. ఇక్కడ “రాలేదు” అన్న మాటను ఎలా మార్చాలన్నది గమనించదగినది. తొందరలో కొందరు దీన్ని “అన్న రాఁడు” అని మారుస్తారు. ఆ రూపానికి రాబోడనో, వచ్చే అలవాటు లేనివాడనో అర్థం వస్తుంది తప్ప, జరిగిపోయిన కాలంలో రాకపోవడం అనే అర్థం స్పష్టంగా రాదు. “రాఁడయ్యెను” అంటేనే గడచిన కాలం తెలుస్తుంది. చెల్లెలి నిరీక్షణ మొత్తం ఈ ఒక్క క్రియమీద నిలిచి ఉన్నది, కాబట్టి ఇక్కడ రూపం తప్పితే కథే మారిపోతుంది.

సంధి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ భాషకు వినసొంపు తెచ్చేదీ, తెలియక వాడిన వారిని పట్టించేదీ అదే. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్రుతప్రకృతికం మీది పరుషాలకు, అంటే క, చ, ట, త, ప లకు, గ, జ, డ, ద, బ అనే సరళాలు వస్తాయన్న సూత్రం ఉన్నది. చివర నకారం దాగి ఉన్న పదాలు ద్రుతప్రకృతికాలు, అది లేనివి కళలు. “వంకన్” అన్నదానికి చివర నకారం ఉన్నది, అందువల్ల “చూచెను” కాస్తా “జూచెను” అవుతుంది, నకారం అరసున్నగా మారుతుంది. “గడపకడన్” తరువాత “కూర్చుండెను” వచ్చినప్పుడు “గూర్చుండెను” కావడమూ ఇందువల్లనే. కానీ “వెలిగించి” వంటి క్త్వార్థకాలు కళలు, వాటి చివర నకారం లేదు. అందువల్ల “దీపము వెలిగించి గూర్చుండెను” అని రాయడానికి వీల్లేదు, “వెలిగించి కూర్చుండెను” అనే రాయాలి. “చూచుచు” అన్నదానికి మాత్రం ద్రుతం ఉన్నది కాబట్టి “చూచుచుఁ గూర్చుండెను” అవుతుంది. చూచి, చూచుచు అనే రెండు రూపాలు పక్కపక్కనే ఉండి వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఎక్కడ చూసినా క, చ, త, ప లను గ, జ, ద, బ లుగా మార్చేస్తే పాతదనం వస్తుందనుకున్న రచన ఇక్కడే దొరికిపోతుంది.

ప్రథమావిభక్తి మీద క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారే గసడదవాదేశాన్ని నేను చాలావరకు వదిలేశాను. “అన్న సెప్పెను” అని రాయడానికి వ్యాకరణం అనుమతిస్తుంది, కానీ ఆ ఆదేశం బహుళమని, అంటే అన్నిచోట్లా తప్పనిసరి కాదని, సూత్రమే చెబుతున్నది. వ్యాఖ్యానాన్ని చెవితో వినే నేటి శ్రోతకు “సెప్పెను” అన్నది కావ్యభాషగా కాక యాసగా వినిపిస్తుంది. సరళాదేశాన్ని అట్టిపెట్టి దీన్ని విడిచిపెట్టడం నా సొంత నిర్ణయం, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు చివరి రెండు వాక్యాలకు వద్దాం. క్రియలను యథాతథంగా మారిస్తే “ఇంత యాలస్య మేల యని యడిగెను. ఏఱు పొంగెనని చెప్పెను” అని వస్తుంది. చదివి చూడండి, ఎవరు అడిగారో ఎవరు చెప్పారో తెలియదు. వాడుకభాషలో అడిగింది, చెప్పాడు అన్న క్రియల్లోనే ఆడామగా తేడా ఉన్నది కాబట్టి కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. కావ్యభాషలో “వచ్చెను” అన్న ఒకే రూపం అన్నకూ, చెల్లెలికీ, గుర్రానికీ సరిపోతుంది. ఈ పద్ధతికి ఇంత పెద్ద నష్టం మరొకటి లేదని నా అనుభవం. సంభాషణలు వేగంగా సాగే భాగాల్లో ఇది పేజీల కొద్దీ అయోమయాన్ని తెస్తుంది. కర్తను తిరిగి తేవడమే దీనికి మందు, అయితే ప్రతి వాక్యంలోనూ చెల్లెలు, అన్న అంటూ పోతే నడక కుంటుపడుతుంది. అందువల్ల రెండు వాక్యాలను కలిపి “ఇంత యాలస్య మేల యని చెల్లె లడుగఁగా, ఏఱు పొంగెనని యన్న చెప్పెను” అని రాస్తాను. “అడుగఁగా” అన్న అసమాపక క్రియ ఇద్దరినీ ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలబెడుతుంది.

వాక్యాలను ఇలా కలపడం కావ్యభాషకు సహజం కాబట్టి, మొదలుపెట్టిన తరువాత ఆపడం కష్టమవుతుంది. “చెల్లెలు తలుపు తెఱచి వీధివంకఁ జూచి, యన్న రాకుండుటఁ గని, దీపము వెలిగించి గడపకడఁ గూర్చుండెను” అన్న వాక్యంలో వ్యాకరణదోషమేమీ లేదు, నడక కూడా బాగున్నది. కానీ మూలంలో “అన్న ఇంకా రాలేదు” అన్న చిన్న వాక్యం దగ్గర మనసు ఒక్క క్షణం ఆగేది, ఇక్కడ ఆ విరామం పోయింది. నేను ముందువెనుకల వాక్యాలను కలిపి, దీన్ని మాత్రం విడిగా “అన్న రాఁడయ్యె” అని ఉంచుతాను. చివరి “ను”ను నిలుపుకోవడమో తీసివేయడమో మన చేతిలో ఉండటం ఈ భాషలో నాకు ఎంతో ఇష్టమైన సౌలభ్యం. “రాఁడయ్యెను” అంటే కథ ముందుకు సాగుతుంది, “రాఁడయ్యె” అంటే అక్కడే నిలుస్తుంది.

పదాల ఎంపికలో నేను తరచుగా చూసే దోషం రాకపోకల క్రియలకు సంబంధించినది. చను, ఏగు, అరుగు అంటే వెళ్ళడం. చనుదెంచు, ఏతెంచు, అరుదెంచు అంటే రావడం. పొడుగు మాట ఎక్కువ గంభీరమని భావించి, రాజు ఇల్లు విడిచి యుద్ధానికి వెళ్ళే చోట “చనుదెంచెను” అని రాస్తే, కథ చెప్పేవాడు యుద్ధభూమిలో నిలబడి రాజు రాకను చూస్తున్నట్లు అర్థం వస్తుంది. మన భాగంలో చెల్లెలు లేచి వెళ్ళింది కాబట్టి “లేచి యెదురేగెను” అంటాను. అన్న వైపు నుంచి చెబితే “చెల్లె లెదురు వచ్చెను” అని ఉండాలి. ఇటువంటి సందేహాలు వచ్చినప్పుడు అర్థంతో తృప్తిపడకుండా ప్రయోగాన్ని కూడా చూడాలి. కవుల ప్రయోగాలను ఉదాహరించే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు నాకు ఈ పనిలో పర్యాయపద నిఘంటువులకన్నా ఎక్కువగా ఉపయోగపడ్డాయి.

సమాసాల గురించి ఒక్కమాట. “పుష్పతోట” వంటి, సంస్కృతపదాన్ని తెలుగుపదంతో అతికించిన వైరిసమాసాలు గంభీరంగా కనిపిస్తాయి కానీ నిలవవు. “పూఁదోట” అనో “పుష్పవనము” అనో రాయాలి.

రచన సగంలో ఆగిపోయిందని పట్టించే గుర్తు మరొకటి ఉన్నది. చూసెను, కూర్చునెను, తీసుకునెను వంటి రూపాల్లో ధాతువు నేటిది, ప్రత్యయం పాతది. చూచెను, కూర్చుండెను, తీసికొనెను అన్నవి సరైన రూపాలు. ముద్రణకు ఇచ్చినప్పుడు అక్షరదోషాలు దిద్దేవారు నా “వీధివంకఁ జూచెను”ను “వీధివంక చూసెను”గా మార్చిన సందర్భాలు ఉన్నాయి. అందువల్ల ఇప్పుడు ప్రతికి ముందు పేజీలో, ఏ భాగాలు కావ్యభాషలో ఉన్నాయో, అరసున్నలూ, ఱ అనే శకటరేఫలూ ఉంచాలో వద్దో స్పష్టంగా రాసి ఇస్తున్నాను. అరసున్నలు వద్దంటే మొత్తం తీసేయవచ్చు, “వీధివంక జూచెను” అన్నా చెవికి తేడా తెలియదు. కొన్ని ఉంచి కొన్ని తీసేస్తే మాత్రం చదివేవారికి ఏది దోషమో ఏది ఉద్దేశమో తెలియకుండా పోతుంది.

ఎక్కడ వాడాలన్నది చివరి ప్రశ్న. ప్రకృతివర్ణన, రాజసభ, యుద్ధం, ఎడబాటు వంటి చోట్ల కథకుని నోట ఈ భాష బాగా పండుతుంది. పాత్రల సంభాషణలో, ముఖ్యంగా కోపంలోనూ పిల్లలతో మాట్లాడేటప్పుడూ, వాడుకభాషకు ఉన్న చురుకు దీనికి రాదు. అందుకని కథకుని భాషను మార్చినా పాత్రల మాటలను చాలాసార్లు అలాగే ఉంచుతున్నాను. బస్సులూ ఫోన్లూ ఉన్న కథలో దీన్ని వాడను, ఎంత జాగ్రత్తగా రాసినా శ్రోతలు నవ్వుతారు. గంటసేపటి రూపకంలో మొత్తం వ్యాఖ్యానం ఈ భాషలోనే సాగితే సగం తరువాత వినేవారి శ్రద్ధ సడలుతుంది. దృశ్యం మొదట్లో నాలుగైదు వాక్యాలు, ఘట్టం తీవ్రమైనప్పుడు మరికొన్ని వాక్యాలు ఇలా రాసి, మిగతాది సరళమైన శిష్టవ్యావహారికంలో నడిపిస్తే ఆ కొద్ది వాక్యాలను సభ చెవియొగ్గి వింటుంది.