రక్తం ఎక్కించేది హిమోగ్లోబిన్ 7 దగ్గరా, 9 దగ్గరా?

తారులా నల్లటి విరేచనం, అంటే కడుపులో ఎక్కడో రక్తం కారుతోంది. హిమోగ్లోబిన్ 7.8, బీపీ 110, నాడి 90. ఇంట్లోవాళ్ల టెన్షన్ ఒకటే: "రక్తం ఎక్కించరేం?"

9 కంటే తగ్గగానే ఎక్కిస్తే: రిపోర్టులో అంకె బాగుంటుంది. కానీ రక్తం ఎక్కువ ఖర్చవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాలేయం గట్టిపడే సిరోసిస్ ఉంటే, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి మళ్లీ రక్తస్రావం కావచ్చు.

7 దాకా ఆగితే: రక్తం ఆదా, కాపలా ఎక్కువ. 2013 నాటి బార్సిలోనా అధ్యయనంలో ఆరు వారాలకు ఇలా ఆగినవాళ్లలో 95 శాతం బతికారు, 9 దగ్గరే ఎక్కించినవాళ్లలో 91.

కాబట్టి ఈ రోగికి ఆగొచ్చు. 24 గంటల్లోపు ఎండోస్కోపీ చేసి, పుండులో రక్తం చిమ్ముతున్న నాళం కనిపిస్తే దానికి క్లిప్ వేసి, 72 గంటలు ఆసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ హైడోస్ ఇస్తారు.

గుండెజబ్బు ఉంటే 8 దగ్గరే మొదలుపెట్టడం మేలు. బీపీ పడిపోతూ రక్తం ధారగా పోతుంటే మాత్రం అంకెను నమ్మొద్దు. హిమోగ్లోబిన్ తగ్గినట్టు తెలియడానికి గంటలు పడుతుంది.